అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టి సంతకం చేశాను, ఇక కేసు నిలబడదా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. బాలానగర్‌లో ఇరవై ఏళ్లు లేత్, గ్రైండింగ్ పని చేశారు. నడుము నొప్పికి డాక్టర్ ఎంఆర్ఐ రాస్తే మొన్న మార్చిలో ఒక స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఇంగ్లిష్ ఫారం ఇచ్చి త్వరగా నింపమన్నారు. నేనే అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టి సంతకం చేశాను. బల్ల లోపలికి వెళ్తుండగానే నాన్నకి కుడి కంట్లో సూదితో పొడిచినట్టయిందట. బయటికి వచ్చేసరికి చూపు ఎర్రగా మసకబారింది. కంటి ఆసుపత్రిలో సీటీ తీసి, లోపల ఇనుప ముక్క కదిలి రక్తస్రావం అయిందన్నారు. ఆపరేషన్ చేసి తీశారు గానీ చూపు సగమే వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట కంట్లో రజను పడితే డాక్టర్ దగ్గర తీయించుకున్నానని నాన్న ఇప్పుడు చెప్తున్నారు. సెంటర్ వాళ్లేమో ‘లేదని మీరే రాశారుగా’ అంటున్నారు. మాకు దారి ఉందా?
— ఒక పాఠకుడు, కుత్బుల్లాపూర్

జవాబు: దారి ఉంది. మీ సంతకంతో సెంటర్ బాధ్యత తీరిపోదు. అలాగని మీ టిక్కులకి లెక్కే లేదని కూడా నేను చెప్పను. మీరు ఫారం తిరిగిచ్చిన క్షణానికీ, నాన్నగారు మెషీన్ గదిలోకి అడుగుపెట్టిన క్షణానికీ మధ్య సెంటర్ మనిషి ఏం చేశాడన్న దాని మీదే ఈ కేసు నడుస్తుంది.

ఎంఆర్ఐ ఫారాన్ని చాలామంది హోటల్లో పేరు రాసే రిజిస్టర్‌లా చూస్తారు. మీరు రాసింది అందులో సగమే. అడుగున ఇంకో గడి ఉంటుంది, పరిశీలించిన ఉద్యోగి పేరూ, సంతకమూ, సమయమూ రాయడానికి. రోగి స్పృహలో ఉంటే, తనే మాట్లాడగలిగితే, టెక్నీషియన్ ఫారం చేత్తో పట్టుకుని రోగినే మళ్లీ నోటితో అడగాలి. ఈ రంగంలో ఒప్పుకున్న పద్ధతి అదే. ఎందుకంటే మెషీన్‌లోని అయస్కాంతం స్కాన్ జరిగేటప్పుడే కాదు, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. గది గుమ్మం దాటాక అడిగే ప్రశ్నకి విలువ లేదు.

‘అవును’ అని టిక్ పెడితే స్కాన్ చేయరేమోనన్న భయంతో కూడా జనం ‘లేదు’ అనేస్తుంటారు. మీరలా చేశారని కాదు. కానీ ‘అవును’ అని ఉంటే ఏమయ్యేదో తేల్చకుండా మీ కేసు ముందుకు నడవదు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్నవాళ్లు ‘అవును’ అంటే, అది ఎప్పుడు చేశారు, ఏ రకం అని అడిగి మామూలుగా స్కాన్ చేసేస్తారు. అందులో వాడే టైటానియం, కోబాల్ట్ క్రోమ్‌లను అయస్కాంతం పెద్దగా లాగదు. మోకాలినే స్కాన్ చేస్తే ఆ చుట్టుపక్కల బొమ్మ చెదురుతుంది, అంతే. పేస్‌మేకర్ ఉందంటే మాత్రం ఆ రోజుకి ఆపుతారు. పేషెంట్ కార్డు మీది మోడల్ నంబరు చూసి, పెట్టె ఒక్కటే కాదు, గుండెలోకి వెళ్లిన తీగలు కూడా ఎంఆర్ఐకి షరతులతో అనుమతి ఉన్నవో కాదో సరిచూస్తారు. పాత తీగ ఒకటి తీయకుండా లోపలే వదిలేశారేమో కూడా కనుక్కుంటారు. అన్నీ కుదిరితే కార్డియాలజీ వాళ్లు వచ్చి స్కాన్‌కి ముందు దాన్ని ఎంఆర్ఐ మోడ్‌లో పెట్టి, అయ్యాక మళ్లీ మామూలుగా మార్చాలి.

కంట్లో ముక్క సంగతి ఈ రెండింటికీ భిన్నం. దానికి కార్డు ఉండదు, మోడల్ నంబరూ ఉండదు. అది ఇనుమో ఇత్తడో ఎవరికీ తెలియదు. అందుకే కంట్లో లోహం పడి డాక్టర్ దగ్గరికి వెళ్లానని రోగి చెప్తే, ముందు కంటి గూళ్లకి ఎక్స్‌రే తీస్తారు, లేదా దెబ్బ తగిలాక తీసిన పాత సీటీ ఉంటే దాన్ని చూస్తారు. అవి చూసి సరే అన్నాకే స్కాన్. అంటే మీ నాన్నగారి ‘అవును’కి ఖరీదు ఒక ఎక్స్‌రే, ఇంకో అరగంట. మరీ సన్న రజను ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. కాబట్టి కంటి సర్జన్ తీసిన ముక్క ఎన్ని మిల్లీమీటర్లు ఉందో డిశ్చార్జి సమ్మరీలో రాయించండి. ఎక్స్‌రేకి దొరికే సైజే అని తేలితే, అడిగి ఉంటే ఈ నష్టం తప్పేదన్న మీ వాదనకి గట్టి ఆధారం దొరికినట్టే.

సెంటర్ వకీలు రెండు మాటలు తప్పకుండా అంటాడు. మొదటిది, ‘మేం తీసింది నడుముకి, కంటికి కాదు’ అని. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ నడుము స్కాన్‌కైనా మనిషిని మొత్తంగా ఆ సొరంగం దగ్గరికి తోయాల్సిందే. ఇనుమును లాగే బలం ఎక్కువగా ఉండేది సొరంగం నడిమధ్యలో కాదు, దాని మూతి దగ్గర, అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా పెరిగే చోట. నడుము సొరంగం మధ్యలో ఉంటే తల సరిగ్గా ఆ మూతి పరిసరాల్లోనే ఉంటుంది. బల్ల కదులుతున్నప్పుడే పొడిచినట్టయిందని నాన్నగారు చెప్పడం దీనికి అతికినట్టు సరిపోతుంది. ఆ మాట కంటి ఆసుపత్రి మొదటి రోజు కేస్‌షీట్‌లో ఉందేమో చూడండి.

రెండో మాట, ‘ఇలా జరుగుతుందని ఎవరు ఊహిస్తారు’ అని. ఊహించాల్సిన అవసరమే లేదు. షీట్ మెటల్ పని చేసిన ఒకాయనకి ఎంఆర్ఐ తర్వాత, కంట్లో మిగిలిన లోహపు ముక్క వల్ల ఒక కన్ను పోయిన సంగతి 1986లోనే అమెరికా న్యూరోరేడియాలజీ పత్రికలో అచ్చయింది. ఫారంలో కంటి ప్రశ్న విడిగా ఉండేది ఇలాంటి ప్రమాదం కోసమే. ఆ ప్రశ్నని అచ్చు వేయించుకున్నవాళ్లు ప్రమాదం మాకు తెలియదనలేరు.

ఇక చట్టం. డబ్బు తీసుకుని చేసే వైద్య సేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్నవాడు తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా అన్నదే కొలత. ‘నిపుణుడి రిపోర్టు లేకపోతే కేసే లేదు’ అని ఎవరైనా బెదిరిస్తే, మన హైదరాబాద్ నుంచే వెళ్లిన వి. కిషన్ రావు కేసు గుర్తుపెట్టుకోండి. ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు అందులోనే చెప్పింది. ఫారం సరిచూశారా లేదా అనేది కమిషన్ కళ్లతో చూసి తేల్చగలిగిన విషయమే. రక్తస్రావానికి కారణం ఆ ముక్క కదలడమేనా అన్నదానికి మాత్రం మీ కంటి సర్జన్ అభిప్రాయం రాతలో తప్పనిసరిగా తీసుకోండి.

సంతకం విషయంలో నేనైతే 2008 నాటి సమీరా కోహ్లీ తీర్పును ఎత్తుకుంటాను. అందులో మత్తులో ఉన్న రోగి తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదన్నారు, రోగి వయసొచ్చిన మనిషి, తెలివొచ్చాక తనే చెప్పగలదు కాబట్టి. అది ఆపరేషన్‌కి సంబంధించిన తీర్పు, మీ కేసుకి అచ్చంగా అతకదు. అయినా అందులోని తర్కం మీకు పనికొస్తుంది. నాన్నగారు పక్క కుర్చీలోనే ఉన్నారు, తెలుగు మాట్లాడతారు. ఆయన కన్ను సంగతి ఆయన్ని అడగకుండా కొడుకు టిక్కుని నమ్మడం ఏం జాగ్రత్త? లేత్ పనివాళ్లతో మాట్లాడినవాళ్లెవరికైనా తెలుసు, కంట్లో రజను పడటం వాళ్లకి గాయం కింద లెక్క కాదు. పక్క మెషీన్ అతను కర్చీఫ్ కొసతో తీసేస్తాడు, అవతల చాయ్ తాగి పనిలో పడతారు. ‘కంటికి గాయమైందా’ అంటే ‘లేదు’ అనేస్తారు. ‘ఏం పని చేసేవారు, కంట్లో ఎప్పుడైనా రజను పడిందా, డాక్టర్ దగ్గరికి వెళ్లారా’ అని అడిగితే మొత్తం బయటికి వస్తుంది.

మిమ్మల్ని క్రాస్‌లో అడిగేదీ ఇదే: ‘నువ్వు ఇంగ్లిష్ చదవగలవా? నాన్నని ఎందుకు అడగలేదు?’ అని. తొందరపెట్టారు, చదవకుండా పెట్టాను అన్నది నిజమైతే అలాగే చెప్పండి. ‘మొత్తం చదివాను, అర్థం కాలేదు’ అని అల్లితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మీ వంతు పొరపాటు కింద కమిషన్ పరిహారంలో కొంత కోయవచ్చు, దానికి సిద్ధపడండి.

చాలా ఏళ్ల కిందట నేను చూసిన ఒక ఫారం ఇప్పటికీ కళ్లకి కడుతుంది. ‘లేదు’ గడుల్లో టిక్కులు లేవు, పైనుంచి కిందికి ఒకటే గీత. ఆపరేషన్లు లేవని రాసిన ఆ మనిషికి మోకాలి మీద జానెడు కుట్ల మచ్చ. గౌను వేయించినవాళ్లకి మచ్చ కనబడింది, గీత మాత్రం ఎవరికీ కనబడలేదు. అదృష్టం, ఆయనకి ఏమీ కాలేదు. తగాదా వేరే విషయంలో వచ్చి రాజీ అయింది. మీ ఫారంలో అడుగు గడి ఖాళీగా ఉన్నా, అన్ని టిక్కులూ ఒకే ఊపులో పడి ఉన్నా, అవి మీ సాక్ష్యాలే.

అందుకే ముందు ఆ ఫారం సంపాదించాలి. రికార్డులు కోరుతూ నాన్నగారి సంతకంతో రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమాలు చెప్తున్నాయి. సీసీ కెమెరా ఫుటేజీని చెరపకుండా ఉంచమని అదే లేఖలో రాయండి, అది ఎక్కువ రోజులు నిలవదు. బిల్లు మీది టైమూ, సీడీలో మొదటి బొమ్మ మీది టైమూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉదాహరణకి బిల్లు 10:52కి కొట్టి, మొదటి బొమ్మ 11:01కి పడితే, ఆ తొమ్మిది నిమిషాల్లోనే ఫారం నింపడం, బట్టలు మార్చడం, బల్ల మీద పడుకోబెట్టడం జరగాలి. నోటితో అడిగామన్న మాటకి ఇక చోటెక్కడ?

నోటీసు ఇచ్చాక జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు, సంఘటన జరిగిన మార్చి నుంచే లెక్క. పరిధినీ ఫీజునూ మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, స్కాన్‌కి కట్టిన డబ్బుని బట్టి చూస్తారు, కాబట్టి మీకు ఫీజు ఉండదు. ఫిర్యాదీగా నాన్నగారు ఉండాలి, మీరు సాక్షి. టెక్నీషియన్ తప్పుకి సెంటరే జవాబుదారీ, సెంటర్‌ని మొదటి ప్రతివాదిగా పెట్టండి. నడుముకి ఎంఆర్ఐ రాసిన డాక్టర్‌ని లాగొద్దు, కేసు పలచబడుతుంది. పోలీస్ కేసు సంగతి అడగలేదు గానీ చెప్తాను: 2005 జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం దానికి ఘోరమైన నిర్లక్ష్యం కావాలి, మీ టిక్కులు ఉండగా అది నిలబడటం కష్టం.

చివరిగా ఒక పని ఈ వారమే చేయండి. ఆ కన్ను ముందే పాడైందని, ఏళ్ల తరబడి ఇనుము లోపలుంటే రెటీనా దెబ్బతింటుందని సెంటర్ తరఫు నిపుణుడు అంటాడు. అందులో కొంత నిజం కూడా ఉంది. దానికి జవాబు స్కాన్‌కి ముందు కుడి కన్ను ఎంత చూసేదో చెప్పే కాగితమే. నాన్నగారు కళ్లజోడు ఎక్కడ చేయించారో ఆ షాపుకి వెళ్లి పాత నంబర్ల చీటీ వెతికించండి, ఫ్యాక్టరీలో కంటి పరీక్ష జరిగి ఉంటే అదీ. తీసిన ముక్క కంటి ఆసుపత్రిలో ఇంకా ఉంటే, పేరూ తేదీ రాసిన సీసాలో సీలు వేసి రసీదుతో ఇమ్మనండి. మీరు మాత్రం దాని సీలు విప్పొద్దు.