క్యాలెండర్ లింకులు కలిపినా ఒకే గదికి రెండు బుకింగులు

"అన్నా, మా హనుమకొండ హోమ్‌స్టే సైట్‌కు వేరే యాప్‌ల క్యాలెండర్ లింకులన్నీ కలిపాను. అయినా ఒకే గది ఇద్దరికి బుక్ అయింది. ఎందుకు?"

తమ్మీ, ఆ లింకు (.ics) వెంటనే కబురు పంపదు. అవతలి యాప్ తనకు వీలైనప్పుడు వచ్చి చదువుకుంటుంది, దానికి గంటలు పట్టొచ్చు. మేడారం జాతర ముందు మాకూ ఇదే జరిగింది: పొద్దున మా సైట్‌లో గది పోయింది, గంటలోపే వేరే యాప్‌లో ఇంకో కుటుంబం డబ్బు కట్టేసింది. పిల్లలతో వచ్చినవాళ్లకు గది లేదని చెప్పడం చాలా బాధనిపించింది.

నీ వైపు ఇలా చెయ్యి. అతిథి డబ్బు కట్టే పేజీకి రాగానే అన్ని లింకులను అప్పటికప్పుడు మళ్లీ చదివించు. ఖాళీ ఉంటే ఆ తేదీలను 15 నిమిషాలు పట్టి ఉంచు. తేదీలు ఢీకొంటున్నాయా అన్నది ఇలా చూడు:

```
new_in < old_out AND new_out > old_in
```

ఇక్కడ `<=` పెట్టకు. `.ics`లో `DTEND` అంటే గది ఖాళీ చేసే రోజు, ఆ రాత్రి అమ్మొచ్చు. 12న దిగి 14న వెళ్తే పోయేది 12, 13 రాత్రులే.

అవతలి వైపు ఆలస్యాన్ని మాత్రం కోడ్ ఆపలేదు. సైట్‌లో బుకింగ్ పడగానే నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టుకుని, ఆ యాప్‌లలో తేదీలను చేత్తో మూసెయ్యి. జాతర రోజులకైతే ఒక్కో గదిని ఒక్కచోటే అమ్ము.