ఆఫర్ లెటర్ రాకముందే ఆధార్ అడిగితే?

ప్రశ్న: మాది హనుమకొండ. బీటెక్ చదివాను, వయసు 24. మార్చిలో ఒక కన్సల్టెన్సీ వారు ఫోన్ చేసి పెద్ద కంపెనీలో ఉద్యోగం ఖాయమన్నారు. వాళ్లు అడిగినట్టే ఆధార్, పాన్, పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, పాస్‌బుక్ మొదటి పేజీ, తెల్లకాగితం మీద సంతకం అన్నీ వాట్సాప్‌లో పంపాను. మార్చి 11న ఆధార్ పరిశీలన అంటూ ఓటీపీ అడిగితే చెప్పాను. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు. ఇప్పుడు, ఆగస్టు చివర్లో, ఒక రుణ సంస్థ 48 వేలు బాకీ ఉన్నానంటోంది. నా ఖాతాలో రూపాయి కూడా పడలేదు. నాన్న నాతో మాట్లాడడం మానేశారు. కాగితాలు ఎక్కడో పోయాయని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ చాట్ తీసేయమని స్నేహితురాలు చెబుతోంది. ఈలోగా మరో కంపెనీ హెచ్ఆర్ సర్టిఫికెట్లన్నీ పంపమంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నాకు పనికొచ్చే వాక్యాలు రెండే. మార్చి 11న ఓటీపీ చెప్పాననడం ఒకటి, ఖాతాలో రూపాయి పడలేదనడం రెండోది. ఆధార్ జిరాక్స్ ఎవరి చేతిలో ఉన్నా దానితో మోసానికి సగం దారే పడుతుంది. మిగతా సగం మీరు నోటితో చెప్పిన ఆ ఆరు అంకెలు. రుణ సంస్థ రేపు 'ఆమె సమ్మతితోనే కేవైసీ జరిగింది' అని వాదిస్తే దానికి ఆధారం ఆ ఓటీపీయే అవుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నాయి. ఇంజనీరింగ్ చదివిన మీరు ఆ సందేశంలో ఏముందో చదవకుండానే అంకెలు అప్పగించారు. ఆ మాట ఇక్కడితో వదిలేస్తాను.

రుణ మొత్తం 48 వేలు కావడం చూసి నాకొక అనుమానం వచ్చింది. మనిషిని ఎదురుగా చూడకుండా ఆధార్ ఓటీపీ కేవైసీతోనే తెరిచిన రుణ ఖాతాల మీద ఏడాదికి 60 వేలకు మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టింది. మీది ఆ గీతకు కిందనే ఉంది. అనుమానం నిజమైతే, ఆ రోజు మీ ఆధార్‌ను ఏ సంస్థ ధృవీకరించుకుందో ఒక వరుసలో నమోదై ఉంటుంది. myaadhaar.uidai.gov.in లో మీ నంబరుతో లోపలికి వెళ్లి ఆధార్ ధృవీకరణ చరిత్ర తెరవండి. తేదీ, సమయం, ఏ పద్ధతిలో జరిగింది, అడిగిన సంస్థ పేరు, ఫలితం అన్నీ కనిపిస్తాయి. కానీ ఆ చరిత్ర ఆరు నెలల వరకే కనిపిస్తుంది. మార్చి 11 నాటి వరుస సెప్టెంబరు రెండో వారంలో అక్కడి నుంచి మాయమవుతుంది. మీ చేతిలో ఉన్నది రెండు వారాలే. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పేజీ దించుకోండి.

చట్టం ఇచ్చే గడువు ఇంతకన్నా పెద్దదే. ఇతరుల గుర్తింపును మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66-సి కింద నేరం, మూడేళ్ల వరకు జైలు. అలాంటి నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ మూడేళ్ల గడువు ఇస్తుంది. మూడేళ్లుంది కదా అని నిదానించిన వాళ్లను చాలామందిని చూశాను. కేసుకు కాలం మిగిలినా చూపించడానికి కాగితం మిగలదు.

ఇక రెండో వాక్యం. రూపాయి పడలేదని మీరు అంటున్నారు. స్టేట్‌మెంట్ చూశారా, లేక సందేశం రాలేదు కాబట్టి పడలేదనుకుంటున్నారా? మార్చి 1 నుంచి ఏప్రిల్ 30 వరకు బ్యాంకు ముద్రతో స్టేట్‌మెంట్ తీసుకోండి. యాప్ ద్వారా ఇచ్చే రుణం, కొన్ని మినహాయింపులు తప్ప, తీసుకున్న మనిషి సొంత ఖాతాలోనే వేయాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. సొమ్ము మరొకరి ఖాతాకు వెళ్లి ఉంటే జవాబు చెప్పుకోవలసింది రుణ సంస్థే, మీ కేసు నిలబడేది అక్కడే. ఒకవేళ మీ ఖాతాలోనే పడి నిమిషాల్లో బయటికి వెళ్లిపోయి ఉంటే వ్యవహారం వేరు. అప్పుడు స్టేట్‌మెంట్ తీసుకుని అదే రోజు మీ బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

స్నేహితురాలి సలహా దగ్గరికి వస్తాను. అది మీకు తేలికగా కనిపిస్తోంది గానీ మిమ్మల్ని బాధితురాలి కుర్చీలోంచి నిందితురాలి కుర్చీలోకి మారుస్తుంది. పోని కాగితాలు పోయాయని చెప్పడం ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారం ఇవ్వడమే. భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడుతుంది. సాక్ష్యంగా అక్కరకొచ్చే చాట్‌ను కావాలని చెరిపేయడం 241వ సెక్షన్ కిందికి వస్తుంది, అది మూడేళ్లు. పైగా రుణ సంస్థ మార్చి 11 నాటి ఓటీపీ రికార్డు బయట పెట్టిన క్షణాన కాగితాలు పోయాయన్న మీ కథ కూలిపోతుంది. ఆపైన మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఆ చాట్ మీకు పరువు తక్కువగా అనిపిస్తోంది, నాకు మాత్రం మీ తరఫున ఉన్న ఒకే ఒక సాక్షిలా కనిపిస్తోంది. స్క్రీన్‌షాట్లు చాలవు. సంభాషణ మొత్తం ఎగుమతి చేసి దాచండి. మరీ ముఖ్యంగా ఆ ఫోనును మార్చకండి, ఫార్మాట్ చేయించకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు స్వీకరించాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధృవపత్రం జతచేయాలి. దాన్ని ఆ ఫోను మీ దగ్గర ఉండగానే సిద్ధం చేసుకోవాలి.

ధృవీకరణ చరిత్ర, స్టేట్‌మెంట్, చాట్ ప్రతి మూడూ చేతికొచ్చాక రుణ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో ఒక లేఖ రాయండి. ఈ రుణం నేను తీసుకోలేదు, ఒప్పంద పత్రం, కేవైసీ రికార్డు, సొమ్ము జమ అయిన ఖాతా నంబరు, బదిలీ నంబరు పంపండి అని అడిగితే చాలు, కన్నీళ్లు వద్దు. వసూలు ఏజెంట్ల బెదిరింపుకు తట్టుకోలేక ఒక్క కంతు కూడా కట్టకండి, కడితే రుణం ఒప్పుకున్నారని వాదిస్తారు. cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేసి రశీదు నంబరు దాచండి. 1930కి ఫోన్ చేయండి గానీ అయిదు నెలల కిందటి సొమ్ము ఆగుతుందని ఆశ పెట్టుకోకండి. క్రెడిట్ సమాచార సంస్థలో ఈ రుణం నాది కాదని అభ్యంతరం నమోదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ నుంచి అమలు చేస్తోంది.

రెండో హెచ్ఆర్ సంగతి. ఏదీ పంపకపోవడం తెలివి కాదు, అన్నీ ఒకేసారి పంపడం తెలివి కాదు. ప్రతి కాగితానికీ ఒక పని ఉంటుంది, ఆ పని వచ్చినప్పుడే ఆ కాగితం బయటికి రావాలి. దరఖాస్తు, ఇంటర్వ్యూ దశలో రెజ్యూమె చాలు. అందులో పుట్టిన తేదీ, ఇంటి నంబరు, తండ్రి పేరు అక్కర్లేదు. ఇంటర్వ్యూ గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించండి, జిరాక్స్ వదిలి రాకండి. ఎంపికైనట్టు చెప్పాక, ఇంకా ఆఫర్ లెటర్ రాని దశలో, డిగ్రీ మార్కుల మెమో, ప్రొవిజనల్ అడిగితే పంపవచ్చు. పదో తరగతి మెమో మాత్రం ఆపండి. అందరూ అది ఉత్త మార్కుల కాగితమే అనుకుంటారు. తీసి చూడండి. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చివరికి ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా అందులో ఉంటాయి. అది ఆఫర్ లెటర్ చేతికొచ్చి, పరిశీలనకు మీ రాతపూర్వక సమ్మతి అడిగిన తర్వాతే బయటికి రావాలి. పాన్ కూడా అప్పుడే.

ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు చేరిన రోజుకు ఆగగలవు. జీతంలో పన్ను కోతకు పాన్ ఇవ్వక తప్పదు, భవిష్యనిధి యూఏఎన్ కోసం ఆధార్ ఇవ్వక తప్పదు. కానీ ఈ రెండూ ఉద్యోగమిచ్చే సంస్థకు వచ్చే అవసరాలు, మధ్యలో ఉన్న రిక్రూటర్‌కు కావు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ప్రైవేటు సంస్థలు ఆధార్ ధృవీకరణ అడిగేందుకు ఆసరాగా ఉన్న నిబంధనను కొట్టేసింది. రిక్రూటర్ పట్టుబడితే ఆ తీర్పు గుర్తుచేయండి. అసలు సర్టిఫికెట్లు చేరిన రోజు చూపించి అదే రోజు వెనక్కి తెచ్చుకోండి, కొరియర్ చేయమంటే ఆ ఉద్యోగమే వద్దు. తెల్లకాగితం మీద సంతకం ఏ దశలోనూ అవసరం రాదు.

పంపే తీరు కూడా చెబుతాను. ఆధార్ తప్పదనుకున్న చోట మాస్క్ చేసిన ఆధార్ దించుకోండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. దించుకున్న ఫైలుకు పాస్‌వర్డ్ ఉందని మురిసిపోకండి. అది మీ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ రెజ్యూమె ఉన్నవాడికి అది ఊహించడం ఎంతసేపు? అందుకే ప్రింటు తీసి, కాగితం మీద ఏటవాలుగా 'ఫలానా సంస్థలో ఉద్యోగ పరిశీలనకు మాత్రమే' అని తేదీతో రాయండి. మూలన రాస్తే కత్తిరించేస్తారు, ఫోటో అంచును తాకుతూ నడిమధ్యలో రాయండి. దాన్ని స్కాన్ చేసి మీ సొంత పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ ఫోనులో చెప్పండి. సర్టిఫికెట్లకూ ఇదే పద్ధతి.

వాట్సాప్‌లో పంపకండి, అవతలి ఫోను గ్యాలరీలో మీ బొమ్మలు వాటంతటవే చేరిపోతాయి. కంపెనీ సొంత పోర్టల్‌లో గానీ సొంత ఈమెయిల్‌కు గానీ పంపండి. చిరునామాలో @ తర్వాత ఉన్నది కంపెనీ వెబ్‌సైటు పేరే అవునో కాదో ఒక్కో అక్షరం పోల్చి చూడండి. ఆ హెచ్ఆర్ నిజంగా అక్కడ పనిచేస్తున్నారా అన్నది వెబ్‌సైటులో ఉన్న ల్యాండ్‌లైనుకు ఫోన్ చేసి కనుక్కోండి. లెటర్ మీద ముద్రించిన నంబరుకు చేస్తే అవతల పలికేది అదే మనిషి.

రెండో హెచ్ఆర్‌కు ఈ రోజే ఇలా రాయండి: 'డిగ్రీ మెమో, ప్రొవిజనల్ ప్రతులు జతపరిచాను. మిగతావి ఆఫర్ లెటర్ అందాక మీ పోర్టల్‌లో సమర్పిస్తాను.' సరే అంటే ముందుకు వెళ్లండి. రుణ సంస్థకు రాసిన లేఖ, స్టేట్‌మెంట్, ధృవీకరణ చరిత్ర మూడూ చేతిలో ఉంచుకుని సెప్టెంబరు 5 లోపు మీ ఊళ్లో ఒక న్యాయవాదిని కలవండి.