సేవ్‌లు వచ్చాయి, బేరాలు రాలేదు

"సార్, తిరుపతిలో బీకాం మూడో ఏడాది చదువుతున్నాను. శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ చీరల షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీ నేనే చూస్తున్నాను. ఉతికే పద్ధతి మీద పెట్టిన పోస్ట్ 2,000 మందికి చేరింది, 80 మంది సేవ్ చేశారు. లింక్ క్లిక్‌లు మాత్రం సున్నా, ఎంక్వైరీ ఒక్కటీ లేదు. క్యాప్షన్ బాగాలేదని ఓనర్ అంటున్నారు. ఈ లైన్ నాకు పనికొస్తుందా అని టెన్షన్‌గా ఉంది."

మీరు పంపిన క్యాప్షన్ చదివాను. రాత బాగానే ఉంది. 2,000లో 80 అంటే నూటికి నాలుగు, అది చిన్న లెక్కేం కాదు. కానీ చీర ఉతికే పద్ధతిని ఎవరు దాచుకుంటారు? ఎక్కువగా ఇంట్లో ఆ చీర ఉన్నవాళ్లే. వాళ్లు ఇవాళ కొనడానికి రాలేదు. పైగా చివర్లో సేవ్ చేయండి, ఫ్రెండ్‌కి పంపండి, లింక్ నొక్కండి, ధరకి మెసేజ్ చేయండి అని నాలుగూ అడిగేశారు. పోస్ట్ పెట్టకముందే ఏ అంకె కోసం రాస్తున్నారో నోట్‌బుక్‌లో ఒక్క మాట రాసుకోండి. క్యాప్షన్‌లో అదొక్కటే అడగండి.

షేర్లు కావాలంటే పక్కవాళ్లకు చెప్పాలనిపించే విషయం ఉండాలి. కలంతో వేసిన గీత మందం అక్కడక్కడా మారుతుంది, అచ్చులో అదే పువ్వు అచ్చంగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఇలాంటిది అక్కకీ పిన్నికీ పంపుతారు.

ఎంక్వైరీ దారి వేరు. ఒక్క చీర తీసుకోండి, ధర మొదటి వాక్యంలోనే పెట్టండి. క్యాప్షన్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది 'more' వెనక దాక్కుంటుంది. ఇక క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు, మీ క్లిక్‌లు సున్నా కావడానికి కారణం అదే. బయోలో వాట్సాప్ లింక్ పెట్టి, ఆ చీరకో గుర్తు మాట ఇవ్వండి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=NEMALI
```

నొక్కితే NEMALI అని మెసేజ్ సిద్ధంగా ఉంటుంది, పంపడం వాళ్ల చేతిలో పని. అందుకే క్లిక్‌ల కంటే మెసేజ్‌లు తక్కువే ఉంటాయి. పోస్ట్ మారినప్పుడల్లా ఆ మాట మార్చాలి (ఇది మర్చిపోతే లెక్కంతా కలగాపులగం).

పోస్ట్ బాగా చేరినా క్లిక్‌లే రాకపోతే క్యాప్షన్‌నో ఫొటోనో చూడండి. మెసేజ్‌లు వచ్చి బేరం కుదరకపోతే మాత్రం మీ తప్పు వెతక్కండి. ధరా, జవాబు ఇవ్వడంలో ఆలస్యమా అన్నది ఓనర్ గారు చూసుకోవాలి. ఫార్వర్డ్ చూసి పది రోజుల తర్వాత నేరుగా షాపుకొచ్చేవాళ్లు ఏ అంకెలోనూ పడరు. "ఎక్కడ చూశారండీ?" అని కౌంటర్‌లో అడిగి రాసిపెట్టమనండి.

ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. ముందు రాసుకున్న లక్ష్యం, పక్కన వచ్చిన అంకె, ఉతికే పోస్ట్‌తో సహా.