1047 ఏమైంది? ఇన్‌వాయిస్ నంబర్లలో ఖాళీ వస్తే చేయవలసిన పని

ప్రశ్న: కామర్స్ డిగ్రీ చదువుతూ ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో శిక్షణ పొందుతున్నాను. అమ్మకాల రిజిస్టర్‌లో 1046 తర్వాత నేరుగా 1048 ఉంది. ఇవాళ్టి బిల్లుకు 1047 ఇచ్చేసి ఖాళీ పూడ్చమని మా సీనియర్ చెప్పారు. అది తప్పా? ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: ఆ నంబరును ఇవాళ్టి బిల్లుకు వాడకండి. మీ సీనియర్‌కు దురుద్దేశం ఉందని నేను అనుకోను. రిజిస్టర్ చూడటానికి శుభ్రంగా ఉండాలనే తాపత్రయంతో చాలామంది చేసే పనే ఇది. కానీ దానివల్ల చిన్న ఖాళీ పోయి, వివరణ ఇవ్వలేని పెద్ద అనుమానం మిగులుతుంది.

వరుస సంఖ్య దేనికో మొదట చూద్దాం. ఖాతా పుస్తకంలో రాసినదాన్ని పరీక్షించడం సులువు: పద్దు పట్టుకుని దాని వెనక ఉన్న కాగితం అడిగితే సరిపోతుంది. అసలు రాయని అమ్మకాన్ని పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే సరుకు ఇచ్చి, డబ్బు తీసుకుని, పుస్తకంలో ఎక్కించకుండా వదిలేసిన లావాదేవీ ఆ పుస్తకంలో ఎంత వెతికినా కనబడదు. ప్రతి ఇన్‌వాయిస్‌కూ వరుసగా నంబరు పడుతున్నప్పుడు మాత్రం తీసేసిన కాగితం తన చోటును ఖాళీగా వదిలి వెళుతుంది. అమ్మకాలన్నీ లెక్కలోకి వచ్చాయా అని చూసే ఆడిటర్ మొదట ఆ ఖాళీల కోసమే వెతుకుతారు. చాలా దేశాల పన్ను చట్టాలు ఇన్‌వాయిస్‌పై వరుస నంబరు తప్పనిసరి చేయడానికి కారణం కూడా ఇదే. శాఖకొక సిరీస్ పెట్టుకోవడం మామూలే కానీ ఏ సిరీస్‌కు ఆ సిరీస్ తెగకుండా నడవాలి.

ఈ పరీక్షకు పరిమితి కూడా ఉంది. మధ్యలో పోయినదాన్ని అది చూపిస్తుంది కానీ చివర్లో కత్తిరించినదాన్ని చూపించదు. నెలాఖరున 1120 దాకా బిల్లులు వేసి, చివరి మూడూ తొలగించి 1117తో ఆపేస్తే వరుస ఎక్కడా తెగినట్టు ఉండదు. అందుకే నెల ముగిసిన రోజున చివరి నంబరునూ, కొత్త నెలలో పడిన మొదటి నంబరునూ రాసి పెట్టుకోవడం మంచి అలవాటు.

ఇక మీ 1047 ఎలా పోయి ఉంటుంది? దొంగతనం కంటే సాఫ్ట్‌వేర్ తీరే ఎక్కువసార్లు కారణమవుతుంది. కొన్ని ప్రోగ్రాముల్లో డ్రాఫ్ట్ తెరిచిన క్షణంలోనే నంబరు కేటాయింపు జరుగుతుంది, ఆ డ్రాఫ్ట్‌ను వదిలేస్తే నంబరు కూడా పోతుంది. ఇంకో కారణం కొంచెం లోపల ఉంటుంది. డేటాబేస్‌లోని నంబర్ల యంత్రాంగం ఒకసారి ఇచ్చిన సంఖ్యను వెనక్కి తీసుకోదు. ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో, తరువాతి సంఖ్యను అందించే `nextval` ఇచ్చిన నంబరు, ఆ డేటాబేస్ లావాదేవీ మధ్యలో విఫలమై రద్దయినా తిరిగి రాదు. ఒకేసారి పదిమంది బిల్లులు వేస్తున్నప్పుడు ఒకరికోసం మిగతావాళ్లు ఆగకుండా ఉండటానికి అలా కట్టారు కాబట్టి అది లోపం కాదు, ఇన్‌వాయిస్ నంబరు కోసం దాన్ని నేరుగా వాడటమే పొరపాటు. డ్రాఫ్ట్‌కు నంబరు లేకుండా ఉంచి, బిల్లు ఖరారైనప్పుడు, అదే లావాదేవీలో భాగంగా నంబరు వేయడం సరైన పద్ధతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకచోట, శిక్షణ కోసం వేసిన ఉత్తుత్తి బిల్లులు అసలు సిరీస్‌లోనే పడి, వాటిని తుడిచేయడంతో ఒకే రోజు ఏడు నంబర్లు మాయమయ్యాయి. ఆ ఏడింటికి లిఖితపూర్వక వివరణ తయారు చేయడానికి నాకు వారం పట్టింది.

ఖాళీలు వెతకడానికి రిజిస్టర్‌ను స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి, నంబరు ప్రకారం పేర్చి, నంబర్లు A2 నుంచి మొదలైతే B3 గడిలో ఈ సూత్రం వేసి చివరిదాకా కిందికి లాగండి:

```
=A3-A2
```

ఒకటి వస్తే సవ్యం, రెండు లేదా అంతకు మించితే ఖాళీ, సున్నా వస్తే ఒకే నంబరు రెండుసార్లు పడింది. మొత్తం బిల్లుల సంఖ్య ఒక్కటే చూసి తృప్తి పడకండి, ఒక ఖాళీ, ఒక జంట నంబరు ఉంటే లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. తర్వాత తేదీల వరుస చూడండి. మీ సీనియర్ సలహా బయటపడేది సరిగ్గా ఇక్కడే: 1046, 1048 రెండూ 9వ తేదీవి అయి, మధ్యలోని 1047 మాత్రం 20వ తేదీది అయితే, అది తర్వాత చొప్పించిందని ఎవరికైనా తెలిసిపోతుంది. తేదీని కూడా 9కి మారిస్తే అది ఇక సర్దుబాటు కాదు, తప్పుడు పత్రం.

ఇప్పుడు ఆ 1047ను మీ సహోద్యోగి ఎవరో కావాలనే తొలగించారనుకుందాం. ఇరవై కుర్చీలకు, ఒక్కోటి 500 చొప్పున, 10,000కు బిల్లు పంపారు, 10 శాతం పన్ను కలిపి 11,000 అయింది. చేరినవి పద్దెనిమిదే అని కొనుగోలుదారు చెప్పడంతో ఆ బిల్లు తొలగించి 1063 నంబరుతో కొత్తది వేశారు. వాళ్ల చేతిలో మాత్రం 1047 కాగితం ఉంది, వాళ్ల పుస్తకంలో 11,000 పద్దు ఉంది, మీ పుస్తకంలో అలాంటి బిల్లే లేదు. రెండు ఖాతాలు సరిచూసిన రోజు తగాదా తప్పదు.

క్రెడిట్ నోట్ ఉన్నది ఇలాంటి సందర్భానికే. బయటికి వెళ్లిన ఇన్‌వాయిస్‌ను ముట్టుకోకుండా, రెండు కుర్చీలకు 1,000, దానిపై పన్ను 100, మొత్తం 1,100కు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. దానికి సొంత వరుస ఉంటుంది, ఉదాహరణకు 0012. దాని మీద అసలు ఇన్‌వాయిస్ నంబరు 1047, దాని తేదీ, తగ్గించిన కారణం రాయాలి. క్రెడిట్ నోట్ తేదీ అది ఇచ్చిన రోజుదే, పాత తేదీ వేయకూడదు. మీ పుస్తకంలో అమ్మకాల ఖాతాకో, వాపసుల ఖాతాకో 1,000, పన్ను ఖాతాకు 100 డెబిట్ చేసి, కొనుగోలుదారు ఖాతాకు 1,100 క్రెడిట్ చేస్తారు. వాళ్లు ఇవ్వవలసింది 9,900గా మిగులుతుంది, ఆ అంకె ఎలా వచ్చిందో రెండు కాగితాలు చెబుతాయి. పేరే తప్పు పడి, బిల్లు వేరొకరికి వెళ్లి ఉంటే మొత్తానికి క్రెడిట్ నోట్ ఇచ్చి, సరైనవారికి తరువాతి నంబరుతో కొత్త ఇన్‌వాయిస్ వేయండి. నెల ముగిసి పన్ను లెక్క సమర్పించాక తప్పు తెలిసినా ఇదే దారి. మూసిన నెలను తెరవనక్కర లేకుండా, సర్దుబాటు సాధారణంగా క్రెడిట్ నోట్ ఇచ్చిన నెలలో పడుతుంది. అయితే అందుకు గడువు ఎంతో మీకు వర్తించే పన్ను నిబంధనల్లో చూసుకోండి.

సిస్టమ్‌లోనే పోయిన నంబరుకు మాత్రం క్రెడిట్ నోట్ ఇవ్వడానికి లేదు, ఇవ్వడానికి అవతల బిల్లే లేదు కదా. దానికి ఒక పేజీ చాలు: ఏ నంబరు, ఎప్పుడు గమనించారు, 1046కూ 1048కీ మధ్య సిస్టమ్ లాగ్‌లో ఏం జరిగింది, ఎవరు పరిశీలించారు, ఎవరు సంతకం చేశారు. లాగ్ ప్రతి జతచేసి ఆ నెల ఫైల్లో ఉంచండి. కాగితపు బిల్లు పుస్తకమైతే పాడైన బిల్లు ప్రతులన్నిటిపై అడ్డంగా ‘రద్దు’ అని రాసి పుస్తకంలోనే ఉంచాలి, చింపి పారేయకూడదు.

మీ సీనియర్‌తో వాదనకు దిగే బదులు, లాగ్ తీసి చూస్తానని అడిగి, ఆ పేజీ మీరే రాసి ఆయన సంతకానికి పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగితే ఈ క్రమమే చెప్పండి: ముందు కారణం వెతుకుతాను, బిల్లు బయటికి వెళ్లిందో లేదో తేల్చుకుంటాను, వెళ్లి ఉంటే రికార్డులోకి తిరిగి తెచ్చి క్రెడిట్ నోట్‌తో సరిచేస్తాను, వెళ్లకపోతే వివరణ రాసి నంబరును ఖాళీగానే వదిలేస్తాను.