క్షమించి ఇంటికి వచ్చేశాను, ఇప్పుడు కేసు వేస్తే నిలబడుతుందా?

"పెళ్లై నాలుగేళ్లు. కొన్ని రోజులు ప్రతిదానికీ తప్పు పడుతూ ఉంటారు, ఆ తర్వాత ఒక రోజు కొడతారు, మర్నాడు కాళ్ల మీద పడి ఏడుస్తారు, కొన్ని వారాలు ఎంతో బాగా చూసుకుంటారు. మొన్న పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆయన ఏడుపు చూసి వెనక్కి తీసుకున్నాను. మళ్లీ ఇంట్లో టెన్షన్ మొదలైంది. ఇప్పుడు కోర్టుకి వెళ్తే 'అప్పుడు క్షమించావుగా' అంటారా?"

అనరని కాదు, అవతలి లాయర్ మొదట అనే మాట అదే. కానీ ఆ మాటతో మీ కేసు పోదు.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 23 ప్రకారం, క్రూరత్వం కారణంగా విడాకులు అడిగేవాళ్లు ఆ క్రూరత్వాన్ని అప్పటికే క్షమించి ఉండకూడదు. ఇంతవరకు నిజమే. అయితే 1975లో సుప్రీంకోర్టు ఒక విడాకుల కేసులో దీని గురించి స్పష్టంగా చెప్పింది: ఆ క్షమించడం వెనక మళ్లీ అలా చేయకూడదనే షరతు ఉంటుంది, చేస్తే పాత తప్పులకు కూడా తిరిగి ప్రాణం వస్తుంది. ఇక 2005 గృహహింస చట్టం కింద మీరు రక్షణ అడిగితే, అందులో క్షమించకూడదనే షరతే లేదు. ఇల్లు వదిలి బయటికి రావాల్సిన పని కూడా లేదు, ఆ ఇంట్లోనే ఉంటూ మెజిస్ట్రేట్ నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. దాన్ని ఆయన మీరితే ఏడాది వరకు జైలు పడవచ్చు.

మీరు రాసిన తీరుని 1979లోనే లెనోర్ వాకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు మూడు దశలుగా వివరించారు: టెన్షన్ పెరగడం, పేలడం, బుజ్జగించడం. అన్ని ఇళ్లల్లో మూడూ కనిపించవు, కొన్నిచోట్ల ఆ బుజ్జగింపు దశ రానురాను తగ్గిపోయి టెన్షన్, దెబ్బలే మిగులుతాయి. లాయర్‌గా నాకు ముఖ్యమైనది మూడో దశ, ఎందుకంటే ఫిర్యాదులు వెనక్కి పోయేది, రాజీ కాగితాల మీద సంతకాలు పడేది అప్పుడే. ఆ ఏడుపు నటన అని నేను అనను, ఆ క్షణానికి నిజమే కావచ్చు. మీరు గమనించాల్సింది అది కాదు, ఆ క్షమాపణలో తప్పు ఎవరిదని చెబుతున్నారో చూడండి. "నేను కొట్టాను, అది తప్పు" అని ఆగారా, లేక "నువ్వు ఎదురు మాట్లాడకపోతే నాకు కోపం వచ్చేదే కాదు" అని చివరికి మీ మీదకే తెచ్చారా? మామూలు గొడవల్లో ఇద్దరూ తగ్గుతారు. ఇక్కడ మీరొక్కరే గొంతు తగ్గించుకుని, ఫోన్ మాట్లాడటం మానేసి, ఆయన తలుపు తీసే చప్పుడు వింటూ బతుకుతుంటే అది గొడవ కాదు, భయం.

కోర్టులో ఒక్క చెంపదెబ్బని "ఏదో ఆవేశంలో జరిగింది" అని కొట్టిపారేయడం తేలిక. అదే వరస మళ్లీ మళ్లీ వచ్చిందని తేదీలతో చూపిస్తే ఆ మాట నిలవదు. అందుకే ఒక నోటుబుక్కులో ప్రతి ఘటనకీ నాలుగు విషయాలు రాయండి: ముందు రోజుల్లో ఇంట్లో ఎలా ఉంది, ఆ రోజు ఏం జరిగింది, తర్వాత ఆయన ఏమన్నారు, ఎవరు చూశారు లేదా విన్నారు. ఉదాహరణకి, "పది రోజులుగా మాట్లాడలేదు, మా అమ్మ ఫోన్ చేసిందని అరిచారు, రాత్రి ఫోన్ లాక్కుని చెంప మీద కొట్టారు, పొద్దున్నే 'ఇంకెప్పుడూ చేయి ఎత్తను' అని మెసేజ్ పెట్టారు, పక్కింటావిడ అరుపులు విన్నారు." తేదీ గుర్తులేకపోతే ఊహించి వేయకండి, ఎందుకంటే ఒక్క తేదీ తప్పని తేలితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మిగతావన్నీ అనుమానంలో పడతాయి. "ఫలానా పండగ తర్వాత వారం" అని రాసినా చాలు.

ఆ క్షమాపణ మెసేజ్ మీ చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం. కొట్టిన మాట ఆయనే ఒప్పుకున్నట్టు. చాలామంది తెలియక కోపంలోనో ప్రేమ పొంగిన రోజునో దాన్ని చెరిపేస్తారు. స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకండి, అసలు మెసేజ్ ఫోన్‌లో ఉండనివ్వండి, కోర్టులో అది అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ దానికి జత చేయాల్సి ఉంటుంది. వెనక్కి తీసుకున్న ఫిర్యాదు కాపీ, అప్పుడు రాసుకున్న రాజీ కాగితం కూడా తెచ్చుకోండి. "ఇకమీదట చేయి చేసుకోను" అని అందులో ఉంటే, ఇంతకుముందు చేసుకున్నారనేగా అర్థం. ఇవేవీ ఇంట్లో పెట్టకండి, మీ అక్క దగ్గరో నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఉంచండి.

గృహహింస చట్టం కింద మీలాంటివారికి సాయం చేయడానికి ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారిని కలవడానికి మళ్లీ దెబ్బ పడేదాకా ఆగకండి. మీ భర్త మంచిగా ఉన్న వారాల్లోనే వెళ్లండి, బయటికి వెళ్లడం, కాగితాలు పోగేయడం మీకు తేలికయ్యేది అప్పుడే. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

ఒక్క విషయంలో మాత్రం నోటుబుక్కు, కేసు అన్నీ పక్కన పెట్టాలి. ఆయన ఎప్పుడైనా మీ గొంతు పట్టుకున్నా, చంపుతానని బెదిరించినా, కత్తి లాంటిది చేతిలోకి తీసుకున్నా వెంటనే 112కి చేసి బయటపడండి. "వెళ్లిపోతున్నా" అని ముందుగా ఆయనకి చెప్పకండి. ఇలాంటి సంబంధాల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది ఆవిడ వెళ్లిపోతుందని అవతలివాడికి తెలిసినప్పుడే.