స్పర్శరేఖ ఇస్తే వృత్త సమీకరణం

ప్రశ్న: కేంద్రం (2, −3), 3x − 4y + 2 = 0 రేఖను స్పర్శించే వృత్తం కావాలి. దూరం సూత్రం ఎందుకు అలా వస్తుందో కూడా చెప్పండి.

స్పర్శ బిందువు దగ్గర వ్యాసార్థం రేఖకు లంబంగా ఉంటుంది. కాబట్టి కేంద్రం నుంచి రేఖకు ఉన్న లంబ దూరమే వ్యాసార్థం.

(x₁, y₁) నుంచి ax + by + c = 0 రేఖకు లంబ దూరం |ax₁ + by₁ + c| / √(a² + b²) అనే సూత్రాన్ని పక్కన పెట్టి ఆ దూరాన్ని నేరుగా కొలుద్దాం. రేఖ వాలు 3/4 కనుక, x లో 3, y లో −4 జరిగే దిశ (వాలు −4/3) దానికి లంబం. అలాంటి ఒక్కో అడుగు పొడవు √(9 + 16) = 5. కేంద్రం నుంచి t అడుగులు వేస్తే (2 + 3t, −3 − 4t) దగ్గర ఉంటాం. ఆ బిందువు రేఖ మీద ఉండాలంటే:

3(2 + 3t) − 4(−3 − 4t) + 2 = 0
20 + 25t = 0, t = −4/5

దూరం = 5 × 4/5 = 4. ఇక్కడ 20 అంటే రేఖ సమీకరణంలో కేంద్రాన్ని ప్రతిక్షేపిస్తే వచ్చిన విలువ, 25 అంటే a² + b². 20/25 ని √25 తో గుణించాం కాబట్టే సూత్రంలో కింద ఒక్క √(a² + b²) మిగులుతుంది. t రుణాత్మకమైతే వెనక్కి నడిచామని అర్థం, దూరానికి గుర్తు ఉండదు. అందుకే పైన మాడ్యులస్.

(x − 2)² + (y + 3)² = 16
x² + y² − 4x + 6y − 3 = 0

ఎక్కువమంది తప్పేది −4 × −3 దగ్గరే. దాన్ని −12 అనుకుంటే వ్యాసార్థం 4/5 వస్తుంది. t విలువతో స్పర్శ బిందువు (−2/5, 1/5) కనుక్కుని రేఖలో వేసి చూడండి: −6/5 − 4/5 + 2 = 0.