ఆఖరి డ్యూటీకి ముందే పీఎఫ్ పెన్షన్ కాగితాలు

ప్రశ్న: మాది రాయగడ. ఫ్యాక్టరీలో 23 ఏళ్లుగా పనిచేస్తున్నాను. జూన్‌లో 58 నిండుతాయి, 30న రిటైర్మెంట్. నాకంటే ముందు రిటైరైన ఒకాయనకు ఏడు నెలలైనా పీఎఫ్ పెన్షన్ రాలేదు. టెన్షన్‌గా ఉంది. ఆఖరి రోజులోపు ఏ కాగితాలు ఇవ్వాలి?

జవాబు: ముందు మీ పేరు సరిచూసుకోండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా రికార్డుల్లో అది చివరికి పోతుంది, ఫ్యాక్టరీలో ఒక్క అక్షరమే మిగులుతుంది. నా దగ్గరకు వచ్చిన ఒకాయనకు పీఎఫ్‌లో G APALNAIDU అని, ఆధార్‌లో GEDELA APPALA NAIDU అని ఉంది. క్లెయిమ్ వెనక్కి వచ్చింది.

దీన్ని ఉద్యోగి, కంపెనీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్‌తో సరిచేస్తారు. 2017 అక్టోబర్ 1 తర్వాత పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరైన యూఏఎన్ వచ్చినవాళ్లు, అది ఆధార్‌తో సరిపోలి ఉంటే, ఆన్‌లైన్‌లో సొంతంగా మార్చుకోవచ్చు. మీది అంతకు ముందుదే అయి ఉంటుంది కాబట్టి కంపెనీ ఆమోదించాలి. డ్యూటీలో ఉన్నప్పుడైతే భోజనాల వేళ హెచ్ఆర్ గదికి వెళ్లి అడగగలరు. ఆ అప్పలనాయుడు గారు మాత్రం రిటైరయ్యాక ప్రతిసారీ గేటు దగ్గర పాస్ రాయించుకుని తిరిగారు, నాలుగు నెలలు పట్టింది. మీరు మార్చిలోనే మొదలుపెట్టండి.

వేరే పీఎఫ్ నంబరు మీద ఇంకెక్కడైనా పనిచేసి ఉంటే ఆ సర్వీసును ఇప్పుడే ఫారం 13తో బదిలీ చేయించండి. పాత సర్వీసుకు పీఎఫ్ ఆఫీసు ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే దాని ఒరిజినల్ వెతికి పెట్టుకోండి.

పెన్షన్ దరఖాస్తు ఫారం 10డి. దానికి మీ దంపతుల జాయింట్ ఫొటో, ఇద్దరి ఆధార్, 25 ఏళ్లలోపు పిల్లలుంటే వాళ్ల పుట్టినతేదీ రుజువు, పాస్‌బుక్ మొదటి పేజీ కావాలి. ఆంధ్రా బ్యాంకు పాత పాస్‌బుక్ జిరాక్స్ మాత్రం పెట్టకండి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది, అందులోని ఐఎఫ్ఎస్‌సీ పనికిరాదు. కొత్త పాస్‌బుక్ తీసుకోండి.

కంపెనీకి రాతపూర్వకంగా రెండు సంగతులు అడగండి. 58 నిండాక మీ పేరున పెన్షన్ ఫండ్‌కు కట్టకూడదు, ఆ భాగం కూడా పీఎఫ్‌కే వెళ్లాలి. పొరపాటున కడితే క్లెయిమ్‌కు కొర్రీ పడుతుంది. రెండోది, జూన్ చందా జూలై 15లోగా కట్టి, పోర్టల్‌లో మీ ఉద్యోగం ముగిసిన తేదీ వేయాలి. వాళ్లు వేయకపోతే మీరే వేసుకోవచ్చు, కానీ చివరి చందా పడిన రెండు నెలల తర్వాతే.

ఫారం ఇచ్చిన తేదీకి రసీదు తప్పక తీసుకోండి. పీఎఫ్ పెన్షన్ పథకమైన ఈపీఎస్-95లోని 17-ఎ పేరా ప్రకారం, అన్నీ సక్రమంగా ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో పరిష్కరించాలి. లోపముంటే ఆ గడువులోనే రాతలో చెప్పాలి. తగిన కారణం లేకుండా దాటితే ఏటా 12 శాతం వడ్డీ అడగవచ్చు. కానీ ఆ 20 రోజుల లెక్క మొదలయ్యేది లోపం లేని కాగితాలు చేరిన రోజు నుంచే. గడువు దాటితే రసీదు నకలుతో EPFiGMS పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.